ఈ ‘చిరు’ ప్రయత్నాలు ఇక చాలు

పోయిన నెల ఒక రాత్రి పదిన్నరకి వాట్సాప్‌లో మెసేజ్. “రేపు పొద్దున ఫేస్‌బుక్‌లో పెడదామనుకుంటున్నా. ఎక్కువైందేమో చూసి చెప్పరా.” పంపింది ఇంజనీరింగ్‌లో నా క్లాస్‌మేట్. ఏడేళ్ళుగా కథలు రాస్తోంది. మొదటి పుస్తకం ఆ సాయంత్రమే ప్రెస్ నుంచి ఆటోలో ఇంటికొచ్చింది, అట్టపెట్టెల్లో 300 కాపీలు. కింద వాక్యాలన్నీ తన అనుమతితోనే పెడుతున్నాను. పేరు మాత్రం వద్దంది. మొదట పంపిన క్యాప్షన్ ఇదీ:

“ఏదో నాకు తోచిన నాలుగు మాటలు రాసుకుంటూ ఉంటే, అవి ఇలా ఒక పుస్తకంగా వస్తాయని కలలో కూడా అనుకోలేదు. ఇంకా నమ్మలేకపోతున్నాను. మాటలు రావడం లేదు. ఈ చిరు ప్రయత్నాన్ని మీరందరూ పెద్ద మనసుతో ఆదరిస్తారని ఆశిస్తూ, నా మొదటి కథల సంపుటి.”

మీరు తెలుగు సాహిత్యం చుట్టూ ఫేస్‌బుక్‌లో ఒక ఏడాది తిరిగి ఉంటే ఈ పోస్టుని కనీసం ఇరవైసార్లు చదివుంటారు. పేర్లూ, కవర్ పేజీలూ మారతాయి, అంతే. చదివి, ఒక లైక్ కొట్టి, “అభినందనలు” అని రాసి ముందుకెళ్ళిపోయి ఉంటారు. నేనూ అంతే. కానీ ఆ రాత్రి ఎక్కువైందేమో చూడమని అడిగింది కాబట్టి వాక్యం వాక్యం చూశాను. పైకి చూస్తే ఎంతో వినయంగా ఉన్న ఆ ఐదు లైన్లలో నిజమైన వాక్యం ఒక్కటీ కనపడలేదు.

“ఏదో తోచిన నాలుగు మాటలు” అట. ఆ పుస్తకంలో ఒక కథ ముగింపుని తను నాలుగుసార్లు మార్చింది, మూడు ముగింపులు నేను చదివాను. “కలలో కూడా అనుకోలేదు” అట. నాలుగేళ్ళ కిందట ఒక పెళ్ళిలో, భోజనాల బంతి ఇంకా లేవకముందే, ఫోన్ తీసి నోట్స్‌లో రాసుకున్న విషయసూచిక నాకు చూపించింది. ఏ కథ ముందు, ఏ కథ తర్వాత, పుస్తకం పేరుతో సహా. కల ఏం ఖర్మ, స్ప్రెడ్‌షీట్ కూడా ఉంది. ఇక “మాటలు రావడం లేదు” అనేది 144 పేజీల పుస్తకం రాసిన మనిషి, ఆ పుస్తకం పక్కన నిలబడి అనాల్సిన మాటేనా?

నా గొడవ ఈ అబద్ధాలతో కూడా కాదు నిజానికి. మర్యాద కోసం చెప్పే అబద్ధాలు అందరం చెప్తాం. నా గొడవ “చిరు ప్రయత్నం”తో. ఆ మాట చదివేవాళ్ళకి ఒక పని అప్పజెప్తుంది. “అయ్యో, చిరు ఏంటండీ, మీది చాలా పెద్ద ప్రయత్నం” అని ఎవరో ఒకరు కిందకొచ్చి అనాలి. అనకపోతే ఆ వాక్యం సగంలో ఆగిపోయినట్టు ఉంటుంది. పెళ్ళివారింట్లో “ఏదో ఉన్నంతలో చేశాం” అనగానే “ఎంత ఘనంగా చేశారో” అనకుండా చెయ్యి కడుక్కోలేం కదా, అలాగన్నమాట. క్యాప్షన్‌లో డాబు ఎక్కడుంటుందని నన్నడిగితే, గర్వం ఉన్నచోట ఉండదంటాను. చదివేవాడి చేత ఏదో ఒకటి అనిపించుకోవాలని చూసిన చోట ఉంటుంది. “నేను గొప్పగా రాశాను” అన్న మనిషి కనీసం నన్ను నా మానాన వదిలేస్తాడు. ఒప్పుకుంటానో లేదో నా ఇష్టం. “నాదేముందండీ” అన్నవాడే నా చేత పొగిడించుకునేదాకా వదలడు.

దీనికి ఇంగ్లీషులో హంబుల్‌బ్రాగ్ అని ఒక పేరుంది. హ్యారిస్ విటెల్స్ అనే అమెరికన్ హాస్య రచయిత 2010లో ఆ పేరుతో ఒక ట్విటర్ ఖాతా తెరిచి, సెలబ్రిటీల వినయాలన్నీ ఏరి అక్కడ పెట్టేవాడు. తర్వాత 2018లో ఓవుల్ సెజర్, ఆమె తోటి పరిశోధకులు దీని మీదే ఒక పత్రం వేశారు. వాళ్ళ ప్రయోగాల్లో, వినయం ముసుగేసుకున్న గొప్పలకంటే సూటిగా చెప్పుకున్న గొప్పలనే జనం నయమనుకున్నారు. కారణం కూడా తేలిగ్గా అర్థమయ్యేదే: ముసుగు వేసినవాడిలో చిత్తశుద్ధి లేదనిపిస్తుంది. అంటే మనం డాబు తగ్గిద్దామని కలిపే నీళ్ళే చివరికి పాలని విరగ్గొడుతున్నాయి.

ఇక్కడ ఒకరు తప్పకుండా లేస్తారు. “ఇది మన సంస్కారం. పోతన అంతటివాడే తనదేమీ లేదు, పలికించేవాడు రాముడన్నాడు” అని. నిజమే, అన్నాడు. కానీ ఆయన అది నమ్మి అన్నాడు. నమ్మినవాడి నోట అది వినయం కూడా కాదు, ఉన్న విషయం చెప్పడం. దేవుడి మీద నమ్మకం సంగతి ఎలా ఉన్నా, డీటీపీ నుంచి బైండింగ్ దాకా ప్రతి బిల్లూ దాచుకున్న మనం “నేను నిమిత్తమాత్రురాలిని” అంటే ఎలా కుదురుతుంది? పైగా సంస్కారం పేరెత్తితే తిరుపతి వేంకట కవుల మీసాల పద్యం కూడా మనదే. దోషమని తెలిసే మీసాలు పెంచాం, సంస్కృతంలోనూ తెలుగులోనూ మేము కవులమని చూపడానికే పెంచాం, మమ్మల్ని గెలిచినవాళ్ళుంటే మీసాలు తీసేసి మొక్కుతాం అని దాని సారాంశం. దానంత పచ్చి గొప్ప ఇంకోటి లేదు. అయినా చదువుతుంటే ముచ్చటేస్తుంది ఎందుకంటే అది చూపించుకోవడానికేనని వాళ్ళే ముందు ఒప్పేసుకున్నారు. పైగా ఓడితే ఏం పోగొట్టుకుంటారో కూడా చెప్పారు. చదివేవాడి జాలి మీద ఏదీ వదల్లేదు.

సరే, ఇదంతా నేను రాత్రి పదకొండింటికి మెసేజుల్లో దంచాను. పావుగంటకి రెండో వెర్షన్ వచ్చింది.

“ఏడేళ్ళ నిరంతర శ్రమ. నిద్రలేని ఎన్నో రాత్రులు. ఉద్యోగం, ఇల్లు, పిల్లాడు, వీటన్నిటి మధ్య వదులుకోని ఒక కల. ఈ రోజు ఆ కల నిజమైంది. మీరూ మీ కలని వదలకండి.”

అటు గోడ దూకమంటే ఇటు గోడ దూకింది. ఈ రకం లింక్డ్‌ఇన్‌లో బతుకుతుంది. ప్రమోషన్ వచ్చినవాడూ, పది కిలోమీటర్లు పరిగెత్తినవాడూ ఒకే మాటలు రాస్తారు. ఇందులో పుస్తకం అన్న మాటే లేదు, గమనించారా? ఇల్లు కొన్నా, బరువు తగ్గినా ఇదే క్యాప్షన్ పనికొస్తుంది. చివరి వాక్యం మరీ ఘోరం. “మీరూ మీ కలని వదలకండి” అన్న క్షణంలో తను చెప్పేది వార్త కాకుండా పోయి, తను ఒక ఆదర్శం అయిపోయింది. అభినందించడానికొచ్చిన మనిషి పాఠం విని వెళ్ళాలి.

అప్పుడు నా ఇంజనీరు బుద్ధి ప్రకారం ఒకటి రాసి పంపాను. చాలా బాగుందనుకున్నాను కూడా.

“నా మొదటి కథల సంపుటి వెలువడింది. 11 కథలు, 144 పేజీలు. వెల 150 రూపాయలు.”

“ఇది కొరియర్ రసీదులా ఉంది” అని జవాబొచ్చింది. వెంటనే ఫోన్ కూడా వచ్చింది.

ఆ ఫోన్‌లో పడిన తిట్లు ఇక్కడ రాయకపోతే ఈ వ్యాసం కూడా ఒక దొంగ వినయం అవుతుంది. “నువ్వు ఏ సమీక్ష రాసినా, ‘కొత్త వ్యాసం, చదవండి’ అని లింక్ పడేస్తావ్. ఎవడూ నిన్ను పొగరనడు. నేను అదే పెడితే మా ఆఫీసులోనే అంటారు, మా అత్తగారింట్లో సరేసరి. నేను ‘చిరు’ అని ఊరికే పెట్టలేదురా, టోల్ కట్టాను. నీకు టోల్ లేదు కాబట్టి ఊరికే కొట్టెయ్యమంటావ్.” నా దగ్గర జవాబు లేదు. వినయం అందరి దగ్గరా ఒకే రేటున వసూలు చెయ్యట్లేదన్న సంగతి నేను అప్పటిదాకా ఆలోచించలేదు. ఆలోచించకుండానే, తన గర్వాన్ని సున్నా చేసి రసీదు రాసిచ్చాను. డాబు పోయింది నిజమే. దాంతోపాటు మనిషి కూడా పోయింది.

కాబట్టి ప్రశ్న మార్చి అడిగాను. ఈ పుస్తకం మొత్తంలో నీకు ఎక్కడ గర్వంగా అనిపించింది? పెట్టెలు తెరిచినప్పుడా? “కాదు, అప్పుడు భయమేసింది. ఇన్ని కాపీలు మంచం కింద పడతాయా అని.” మరి? కాసేపు ఆలోచించి చెప్పింది. ఏడేళ్ళలో పత్రికల్లో వచ్చినవి మొత్తం 14 కథలు. పుస్తకానికి మళ్ళీ చదువుకుంటే 3 కథలు నిలబడలేదు. వాటిలో ఒకటి బాగా పేరొచ్చిన కథ, ఇప్పటికీ ఎవరో ఒకరు దాని గురించి మెసేజ్ పెడుతుంటారు. మూడూ తీసేసింది. “అది తీసేసిన రోజు మాత్రం, నేను రైటర్నే అనిపించింది” అంది.

ఇదిగో, ఇంత విషయం పెట్టుకుని “నాలుగు మాటలు రాసుకుంటూ ఉంటే” అని మొదలుపెట్టింది ఈ అమ్మాయి!

అక్కడినుంచి పని తేలికైంది. మొదటి వాక్యం దగ్గర మాత్రం చాలాసేపు ఆగాం. తను “నా మొదటి కథల పుస్తకం వచ్చింది” అని రాసింది. తెలుగులో ఈ దాగుడుమూతలకి వ్యాకరణం కూడా సాయం చేస్తుంది. పుస్తకం వచ్చింది, అవార్డు వచ్చింది, ఇల్లు కుదిరింది, కథ అచ్చయింది. వాన వచ్చినట్టే అన్నీ వాటంతటవే వచ్చేస్తాయి, చేసినవాళ్ళు ఎక్కడా ఉండరు. కొన్నిచోట్ల అదే సరైన మాట. పత్రికలో కథ ‘వచ్చింది’ అంటే వేసుకున్నది సంపాదకుడు కాబట్టి నిజం అక్కడ ఉంది. కానీ సొంత డబ్బు పెట్టి ప్రెస్‌కి ఇచ్చిన పుస్తకం దానంతటదే రాదు. తెలుగులో కథల పుస్తకాలు చాలావరకు రాసినవాళ్ళ డబ్బుతోనే అచ్చవుతాయని ఈ పేజీ చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. చెప్పక్కర్లేని విషయాన్ని ఎవరూ చెప్పరు కూడా. “ప్రచురణ” అన్న మాట దాన్ని కప్పుకుని కూర్చుంటుంది.

“సొంత డబ్బుతో వేశాను” అని రాద్దామా అంది. రాస్తే రెండు ప్రమాదాలు. ఒకరికి అది త్యాగంలా వినపడుతుంది, ఇంకొకరికి ఎవరూ వెయ్యలేదన్న ఫిర్యాదులా వినపడుతుంది. రెంటికీ మళ్ళీ ఓదార్పు కామెంట్లు వస్తాయి. చివరికి “అచ్చు వేయించాను” దగ్గర ఇద్దరం కుదిరాం. ఆ ‘ఇంచు’లో అన్నీ ఉన్నాయి. మేస్త్రీ సంగతి తెలిసినవాళ్ళు “ఇల్లు కట్టాను” అనరు, “కట్టించాను” అంటారు. పూనుకున్నది నేను, డబ్బు నాది, చేతిపని ఇంకొకరిది అని ఒకే క్రియలో ఉంటుంది. గర్వం ఉంది, లెక్క కూడా ఉంది. పైగా ఫేస్‌బుక్‌లోనైనా ఇన్‌స్టాగ్రామ్‌లోనైనా ముందు కనపడేది మొదటి రెండు మూడు లైన్లే, మిగతాది తర్వాత నొక్కితేనే కనపడుతుంది. మొదటి వెర్షన్‌లో ఆ లైన్లన్నీ వినయానికే ఖర్చయిపోయాయి. పుస్తకం ఆఖరి మూడు మాటల్లో ఉంది.

తర్వాత కృతజ్ఞతలు. ఇక్కడ డాబు ఇంకో దారిలో వస్తుంది. తన లిస్టులో ముందుమాట రాసిన పెద్దాయన “సాహితీ దిగ్గజం, గురుతుల్యులు” అయ్యాడు. ఆయనకి చేస్తున్న నమస్కారమే అయినా, అంతటివాడు నాకు ముందుమాట రాశాడని పక్కవాళ్ళకి వినిపించే నమస్కారం. విశేషణాలు తీసేస్తే “ముందుమాట రాసిన ఫలానా గారు” మిగిలింది. ఆయన స్థాయి తెలిసినవాళ్ళకి పేరు చాలు. ఇంకో వాక్యం, “నన్ను అర్థం చేసుకుని రాసుకోనిచ్చిన మావారికి” అని. నిజంగా ఆయన నీకు పర్మిషన్ ఇచ్చాడా అని అడిగాను. “పర్మిషనేంటి, ఆదివారం పొద్దున రెండు గంటలు పిల్లాణ్ణి చూసుకునేవాడు.” మరి అదే రాయొచ్చు కదా? ‘రాసుకోనిచ్చిన’ అంటే ఆయన గేటు దగ్గర నిలబడ్డట్టు. ‘చూసుకున్న’ అంటే ఆయన చేసిన పని. మంచివాడైన మొగుడికి కూడా రెండోదే గౌరవం. మగ రచయితల కృతజ్ఞతల్లో “నా భార్య నన్ను రాసుకోనిచ్చింది” అని ఎక్కడైనా చదివారా? “భరించింది” అని రాస్తారు, అది కూడా ముద్దుగా.

రాత్రి ఒంటిగంట దాటాక తేలింది ఇదీ:

“నా మొదటి కథల పుస్తకం అచ్చు వేయించాను. ఏడేళ్ళలో పత్రికల్లో 14 కథలు వచ్చాయి, ఇందులో 11 ఉన్నాయి. మూడు తీసేశాను. వాటిలో ఒకటి మీలో కొందరికి నచ్చిన కథే. ఉంచిన వాటిలో ఆఖరి కథ ముగింపు నాలుగోసారికి కుదిరింది, అదంటే నాకు చాలా ఇష్టం. అచ్చుతప్పులు పట్టిన మా అక్కకీ, ఆదివారాలు పిల్లాణ్ణి చూసుకున్న మా ఆయనకీ, ముందుమాట రాసిన ఫలానా గారికీ థాంక్స్. వెల 150 రూపాయలు. కావాలంటే మెసేజ్ పెట్టండి.”

“చాలా ఇష్టం” అన్న చోట నేను ఒకసారి గొణిగాను, విశేషణం కదా అని. “ఉండనీ, ఆ ఒక్కటీ నాది” అంది. ఇప్పుడు చూస్తే తనదే కరెక్ట్. పుస్తకం మొత్తం అద్భుతమంటే అది డాబు. పదకొండింట్లో ఒకదాన్ని వేలు పెట్టి చూపించి ఇదంటే ఇష్టమని ఒప్పుకోవడం వేరు. మిగతా పదింటి గురించి కూడా అక్కడే ఒక మాట చెప్పేసినట్టయింది, ఆ మాట మరీ తియ్యగా లేదు కూడా. “ఆదరించండి” పోయి “కావాలంటే” వచ్చింది. అక్కర్లేనివాళ్ళు తప్పుకోడానికి దారి ఉంది.

పొద్దున పెట్టింది. “అభినందనలు” ఎప్పటిలాగే వచ్చాయి, వాటికి మందు లేదు. కానీ మూడో కామెంట్‌కే ఒకాయన “ఆ మూడూ ఏ కథలు?” అని అడిగాడు. ఇంకొకావిడ పేరొచ్చిన ఆ కథ తీసెయ్యడం తప్పని గట్టిగా వాదనకి దిగింది. సాయంత్రానికి కింద కథల గురించి కొట్లాట నడుస్తోంది. ఒక పెద్ద రచయిత “మొదటి పుస్తకానికే ఇంత నిశ్చయం అవసరమా తల్లీ” అన్నాడు. తను జవాబివ్వలేదు. టోల్ గేట్ ఎక్కడికీ పోలేదు మరి. ఒక్క క్యాప్షన్‌తో పోతుందని నేను చెప్పడం లేదు.

నా సూత్రం ఎక్కడ పనిచెయ్యలేదో కూడా చెప్పాలి. ఫేస్‌బుక్‌లో సాహిత్యం వాళ్ళే కాదు, చుట్టాలూ ఉంటారు. “మూడు తీసేశాను” అన్న వాక్యం బరువు కథలు రాసేవాళ్ళకీ చదివేవాళ్ళకీ తెలుస్తుంది. మిగతావాళ్ళకి అది ఒక లెక్క, అంతే. వాళ్ళ పెద్దనాన్న కామెంట్ పెట్టాడు: “మూడు ఎందుకు తీసేశావమ్మా, డబ్బులు సరిపోలేదా? నాకు చెప్తే సర్దేవాణ్ణి కదా.” గర్వపడే విషయం ఎంత కచ్చితంగా చెప్తే, అది అర్థమయ్యేవాళ్ళు అంత తగ్గుతారు. దీనికి ఒకే క్యాప్షన్‌లో ఉపాయం నాకు కనపడలేదు. అందరికీ అర్థమయ్యేలా రాద్దామంటే మళ్ళీ “కల నిజమైంది” దగ్గరికే చేరతాం.

అందుకని ఫ్యామిలీ గ్రూపుకి తను వేరేగా రాసుకుంది, ఈసారి నన్ను అడగలేదు. “పెద్దనాన్నా, నా కథల పుస్తకం వచ్చింది. డబ్బులు సరిపోయాయి. మీకో కాపీ పోస్టులో పంపిస్తున్నా, 62వ పేజీలో మన ఊరి చెరువుంది.” ‘వచ్చింది’ అనే రాసింది. అక్కడ నాకు అదేం తప్పనిపించలేదు. పది నిమిషాలకి పెద్దనాన్న నుంచి జవాబు: “పాత అడ్రస్‌కి పంపకు. ఇల్లు మారాం, రాసుకో.”